ఎన్ని? ఎంత? ఎప్పుడు? ఎలా? : సరుకు ఆర్డరు ఖాయం చేసుకోవడం

పిల్లలూ, మీ ఇంట్లో ఇది జరిగే ఉంటుంది. అమ్మ ఫోన్‌లో తెలుగులో మాట్లాడి ఏదో ఆర్డరు ఇస్తుంది. కాసేపటికి ఆ ఆర్డరు కాగితం ఫోన్‌కి వస్తుంది. అది ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటుంది. అప్పుడు అమ్మ మిమ్మల్ని పిలిచి, "ఇది చదివి చెప్పు, అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అంటుంది. మాట తెలుగులో ఉంది, కాగితం వేరే భాషలో ఉంది, మధ్యలో మీరున్నారు.

అప్పుడు మీరు ఏం చూడాలో ఈ పాఠంలో నేర్చుకుందాం. అందుకు నాలుగు చిన్న తెలుగు ప్రశ్నలు చాలు: ఎన్ని? ఎంత? ఎప్పుడు? ఎలా? అంటే సరుకు ఎన్ని, ధర ఎంత, ఎప్పుడు తెస్తారు, డబ్బు ఎలా కట్టాలి.

ఒక ఉదాహరణ

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం నాడు వచ్చింది. అది విశ్వావసు నామ సంవత్సరం. కువైట్‌లో ఆ ఏడు రంజాన్ పండగ కూడా సరిగ్గా ఆ రోజే వచ్చింది. కువైట్‌లో వారాంతపు సెలవులు శుక్రవారం, శనివారం. అందుకని ఉగాది భోజనాలు ఆ తర్వాతి శుక్రవారం, అంటే ఏప్రిల్ 4న పెట్టుకున్నారని అనుకుందాం.

సాల్మియాలో ఉండే మీ పిన్ని 200 మందికి వంట చేయడానికి ఒప్పుకుంది. సరుకు కోసం మార్చి 25న, మంగళవారం నాడు, షువైక్‌లోని ఒక టోకు కొట్టుకి ఫోన్ చేసింది. అక్కడ ఆర్డర్లు రాసుకునే అతనిది రాయచోటి. (తేదీలు, పండగలు నిజమైనవే. పిన్ని, కొట్టు, ధరలు మాత్రం మన లెక్క కోసం అనుకున్నవి.)

వాళ్ళ మాటలు వినండి.

"తమ్ముడూ, ఉగాది భోజనాలకు సరుకు కావాలి, రాసుకో."

"చెప్పక్కా."

"సోనామసూరి రెండు బస్తాలు, బెల్లం పన్నెండు, విస్తళ్ళు ఎనిమిది."

"సరే అక్కా. ఎప్పటికి కావాల?"

"వచ్చే గురువారం లోపు. రేటెంత?"

"మామూలు రేటే అక్కా."

"మరి డబ్బులు?"

"మనవాళ్ళే కదక్కా, తర్వాత చూసుకుందాం."

వినడానికి ఎంత బాగుంది! ఇద్దరూ మంచివాళ్ళే, ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. అయినా ఈ సంభాషణలో ఖాయమైన మాట ఒక్కటి కూడా లేదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ప్రశ్న: ఎన్ని?

తెలుగులో లెక్కపెట్టగలిగే వాటికి "ఎన్ని" అంటాం, కొలిచే వాటికి "ఎంత" అంటాం. "బస్తాలు ఎన్ని?" అని అడుగుతాం, "బియ్యం ఎంత?" అని అడుగుతాం. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఉండాలి. రెండు బస్తాలు అంటే "ఎన్ని" తెలిసింది. కానీ బస్తాకి ఎన్ని కిలోలు? కొట్లలో 5 కిలోల సంచి ఉంటుంది, 10 ఉంటుంది, 20 ఉంటుంది. పిన్ని మనసులో ఉన్నది 20 కిలోల బస్తా. రెండు బస్తాలంటే 40 కిలోలు, అంటే 200 మందికి మనిషికి 200 గ్రాముల బియ్యం. అదే 10 కిలోల సంచులు రెండు వస్తే, భోజనాల రోజున సగం మందికి అన్నం ఉండదు.

బెల్లం పన్నెండు అంది. పన్నెండు ఏమిటి? కిలోలా, అచ్చులా, పెట్టెలా? ఇక్కడ అంకె ఉంది, దాని తోక లేదు. ఆ తోకను ప్రమాణం అంటారు. కిలో, లీటరు, డజను, ప్యాకెట్టు, కార్టన్ ఇవన్నీ ప్రమాణాలే.

విస్తళ్ళ దగ్గరే అసలు గొడవ వచ్చింది. పిన్ని లెక్క ఇది: ఒక ప్యాకెట్టులో 25 విస్తళ్ళు, ఎనిమిది ప్యాకెట్లకు 200. కొట్టు అతను రోజూ హోటళ్ళకు కార్టన్ల లెక్కన అమ్ముతాడు. అతని దగ్గర ఒక కార్టన్‌లో 10 ప్యాకెట్లు ఉంటాయి. "ఎనిమిది" అన్న మాట అతని చెవిలో ఎనిమిది కార్టన్లు అయింది. అంటే 80 ప్యాకెట్లు, 2000 విస్తళ్ళు! సాల్మియాలో పిన్ని ఉండే ఫ్లాట్‌లో మంచం కింద కూడా అవి పట్టవు.

కాగితం మీద ప్రమాణాన్ని పొట్టిగా రాస్తారు. CTN అంటే కార్టన్, PKT అంటే ప్యాకెట్టు, PCS అంటే విడి ముక్కలు. మీరు చదివేటప్పుడు అంకె కన్నా ముందు ఈ మూడు అక్షరాలు చూడండి. అంకె కరెక్టుగా ఉండి తోక మారిపోతే, ఆ తప్పు త్వరగా కంటికి కనబడదు.

రెండో ప్రశ్న: ఎంత?

"మామూలు రేటే" అన్నాడు. ఆ మామూలు పోయిన నెలదా, ఈ వారానిదా? ఫోన్‌లో చెప్పకపోతే రేటు ఏమిటో బిల్లు వచ్చిన రోజున తెలుస్తుంది. అప్పటికి సరుకు ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.

కువైట్ ధరలు చదవడానికి ఒక సంగతి తెలియాలి. ఒక దినార్‌కి 1000 ఫిల్సు. అందుకే ధరలో చుక్క తర్వాత మూడు అంకెలు రాస్తారు. 1.250 అంటే పన్నెండు వందల యాభై కాదు, ఒక దినార్, 250 ఫిల్సు. రూపాయలకో డాలర్లకో అలవాటు పడ్డ కళ్ళు చుక్క తర్వాత రెండు అంకెల కోసం వెతుకుతాయి. అక్కడే పొరపాటు పడతాం.

ఇక్కడ తెలుగు మీకు సాయం చేస్తుంది. తెలుగులో పావు, అర, ముప్పావు అనే మాటలున్నాయి కదా. పావు దినార్ అంటే 250 ఫిల్సు, అర దినార్ అంటే 500, ముప్పావు దినార్ అంటే 750. కువైట్‌లో పావు దినార్‌కీ, అర దినార్‌కీ విడిగా నోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి 1.250 ని "ఒకటింపావు దినార్" అనండి. 7.500 ని "ఏడున్నర దినార్" అనండి. 7.750 ని "ఏడూ ముప్పావు" అనండి. అంకెను ఇలా నోటితో అంటే చుక్క ఎక్కడుందో ఇక మర్చిపోరు.

అరబ్బీ అంకెలతో ఉన్న బిల్లు వస్తే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. అందులో ٥ చూడ్డానికి మన సున్నాలాగా ఉంటుంది, కానీ అది ఐదు. సున్నాని ٠ అని చిన్న చుక్కలా రాస్తారు. అంటే ٥٠ అని ఉంటే అది యాభై.

ధర అడిగేటప్పుడు "దేనికి?" అని కూడా అడగాలి. 1.250 ప్యాకెట్టుకా, కార్టన్‌కా? ఇంటికి తెచ్చిచ్చినందుకు విడిగా డబ్బు తీసుకుంటారా, ఆ ధరలోనే కలిసి ఉందా? ఇండియాలో అయితే జీఎస్టీ కలిపా, కలపకుండానా అని కూడా అడుగుతారు. మన ఉదాహరణ జరిగిన 2025లో కువైట్‌లో అలాంటి అమ్మకం పన్ను లేదు కాబట్టి పిన్ని ఆ ప్రశ్న అడగక్కర్లేదు.

పిన్ని మళ్ళీ ఫోన్ చేసి రేట్లు అడిగి రాసుకుంది. బియ్యం 20 కిలోల బస్తా 7.750. బెల్లం కిలో 0.650. విస్తళ్ళ ప్యాకెట్టు 1.250. ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు ఇందులోనే కలిసి ఉంది.

ఇప్పుడు మీరు లెక్క వేయండి.

బియ్యం: 2 × 7.750 = 15.500
బెల్లం: 12 × 0.650 = 7.800
విస్తళ్ళు: 8 × 1.250 = 10.000
మొత్తం: 33.300 దినార్లు

ఈ మొత్తాన్ని కొట్టు నుంచి కాగితం రాకముందే మీరే వేసి పెట్టుకోండి. ఎందుకో చూడండి. సాయంత్రం కొట్టు నుంచి ఆర్డరు కాగితం వచ్చింది. కింద మొత్తం 123.300 అని ఉంది. పైకి వెళ్ళి వెతికితే విస్తళ్ళ వరసలో 8 CTN అని ఉంది. 80 ప్యాకెట్లకు 100 దినార్లు వేశారు. పిన్ని వరసగా చదువుకుంటూ పోతే "8" చూసి సరేలే అనుకునేది. మొత్తం తేడా రావడంతో తప్పు దొరికింది.

మూడో ప్రశ్న: ఎప్పుడు?

మంగళవారం నాడు ఫోన్‌లో "వచ్చే గురువారం" అంది పిన్ని. అది ఏ గురువారం? రెండు రోజుల్లో వచ్చే మార్చి 27నా, దాని తర్వాత వచ్చే ఏప్రిల్ 3నా? తెలుగు వాళ్ళే ఈ మాటను రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. "గురువారం లోపు" అన్నా అంతే. గురువారం కూడా కలుపుకోవాలా, బుధవారంతో ఆఖరా? అందుకని వారం పేరు, తేదీ, గంట మూడూ చెప్పాలి. "ఏప్రిల్ 3, గురువారం, పొద్దున పది గంటలకల్లా" అంటే ఇంక అనుమానం లేదు. "కల్లా" అంటే ఆ టైముకి సరుకు గుమ్మం దగ్గర ఉండాలని.

కాగితం మీద తేదీ 03/04/2025 అని వచ్చింది. కువైట్‌లో ముందు రోజు రాసి తర్వాత నెల రాస్తారు కాబట్టి ఇది ఏప్రిల్ 3. అమెరికాలో చదువుకునే మీ అన్నయ్య దీన్నే మార్చి 4 అంటాడు. నెలను అక్షరాల్లో రాసేస్తే ఆ గొడవ ఉండదు.

అయితే ఈ తేదీలో ఇంకో చిక్కు ఉంది. అది కాగితం మీద కనబడదు. ఏప్రిల్ 3కి ముందు రంజాన్ పండగ ఉంది. పండగ ఏ రోజన్నది నెలవంక కనబడడాన్ని బట్టి ముందు రోజు రాత్రి తేలుతుంది. ఫోన్ చేసిన మార్చి 25న, పండగ ఆదివారమో సోమవారమో ఎవరికీ తెలియదు. కొట్టు అతను "పండక్కి మూడు రోజులు మూసేస్తామక్కా" అన్నాడు. పండగ ఆదివారమైతే బుధవారం తెరుస్తారు, గురువారం సరుకు తేవడం తేలికే. సోమవారమైతే గురువారమే తెరుస్తారు. మూడు రోజులుగా ఆగిపోయిన ఆర్డర్లన్నీ ఆ పొద్దునే బయల్దేరాలి. పిన్ని ఆర్డరు పది గంటలకల్లా వస్తుందా? మర్నాడే భోజనాలు!

పిన్ని కాసేపు ఆలోచించి, "తమ్ముడూ, పండక్కి ముందే పంపించు. మార్చి 29, శనివారం, సాయంత్రం నాలుగింటికల్లా" అంది. బియ్యం, బెల్లం, విస్తళ్ళు వారం రోజులు ఆగినా పాడవవు. నెలవంక ఏ రాత్రి కనబడినా ఆ శనివారం మారదు. అదే ఆర్డరులో కొత్తిమీర, అరిటాకులు ఉంటే ఈ ఉపాయం పనిచేసేది కాదు. వాటిని విడిగా, గురువారం నాడే తెచ్చుకోవాల్సి వచ్చేది.

నాలుగో ప్రశ్న: ఎలా?

"మనవాళ్ళే కదా, తర్వాత చూసుకుందాం" అనేది ప్రేమగా అన్న మాటే. కానీ "తర్వాత" అనేది క్యాలెండర్‌లో లేదు. పిన్నికి "తర్వాత" అంటే భోజనాలు అయ్యాక. కొట్టు యజమానికి "తర్వాత" అంటే సరుకు దింపిన అయిదు నిమిషాలకు కావచ్చు.

డబ్బు సంగతి ఖాయం చేసుకోవడమంటే మూడు విషయాలు తేల్చుకోవడం. ముందు ఎంత ఇవ్వాలి? దాన్ని అడ్వాన్సు అంటాం, బయానా అని కూడా అంటారు. మిగతాది ఏ తేదీకి ఇవ్వాలి? దేనితో ఇవ్వాలి, నగదా, కె-నెట్టా, చెక్కా? కె-నెట్ అంటే కువైట్ బ్యాంకు కార్డులన్నీ పనిచేసే పద్ధతి.

పిన్ని అడిగాక కొట్టు అతను ఇలా చెప్పాడు: "పది దినార్లు అడ్వాన్సు కె-నెట్‌లో వేయక్కా. మిగతాది సరుకు అందిన ఏడు రోజుల్లో." 33.300 లో 10.000 తీసేస్తే మిగిలేది 23.300.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూడండి. ఈ "ఏడు రోజులు" ఎప్పటినుంచి? సరుకు అందిన రోజు నుంచి. సరుకు ఏప్రిల్ 3న వచ్చి ఉంటే, డబ్బు కట్టడానికి ఏప్రిల్ 10 దాకా టైముండేది. కానీ పిన్ని సరుకును మార్చి 29కి జరిపింది. దాంతో డబ్బు గడువు కూడా ముందుకు వచ్చి ఏప్రిల్ 5 అయిపోయింది. పిన్నికి వంట డబ్బులు అందేది ఏప్రిల్ 4, శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక. గడువు మర్నాడే. ఎవరైనా ఆలస్యంగా ఇస్తే పిన్ని మాట తప్పినట్టవుతుంది.

తేదీని మారుస్తున్నప్పుడు డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. అయినా డబ్బు గడువు మారిపోయింది. నాలుగు ప్రశ్నలూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి, ఒకటి లాగితే ఇంకోటి కదులుతుంది. ఎన్ని అన్నది మారితే మొత్తం మారుతుంది. ఎప్పుడు అన్నది మారితే గడువు మారుతుంది. అందుకని ఏ ఒక్కటి మార్చినా, నాలుగూ మళ్ళీ మొదటినుంచి చదవాలి.

పిన్ని సంగతి చెప్పి, "ఏడు రోజులు అని వద్దు తమ్ముడూ, ఏప్రిల్ 10, గురువారం అని రాయి" అంది. అతను యజమానిని అడిగి ఒప్పుకున్నాడు. రోజుల లెక్క బదులు తేదీ రాసుకుంటే, సరుకు ముందొచ్చినా వెనకొచ్చినా ఆ గడువు కదలదు.

ఖాయం చేసే మెసేజ్

ఫోన్‌లో మాట్లాడుకున్నది ఎవరికి గుర్తున్నట్టు వాళ్ళు చెప్తారు. అందుకని చివర్లో అన్నీ ఒకే చోట రాసి పంపాలి. పిన్ని పంపిన మెసేజ్ ఇది:

"తమ్ముడూ, మనం అనుకున్న ఆర్డరు ఇది. సోనామసూరి 20 కిలోల బస్తాలు 2, బస్తా 7.750. బెల్లం 12 కిలోలు, కిలో 0.650. విస్తళ్ళు 25 ఉండే ప్యాకెట్లు 8, ప్యాకెట్టు 1.250, కార్టన్లు కాదు. తెచ్చిచ్చే ఖర్చుతో కలిపి మొత్తం 33.300 దినార్లు. మార్చి 29, శనివారం, సాయంత్రం 4 గంటలకల్లా సాల్మియాలో మా ఇంటికి. అడ్వాన్సు 10.000 ఈ రోజే కె-నెట్‌లో. మిగతా 23.300 ఏప్రిల్ 10, గురువారం లోగా, ఆ రోజుతో కలిపి. నువ్వు పంపిన కాగితంలో విస్తళ్ళు తప్పు పడ్డాయి, సరిచేసి కొత్త కాగితం పంపు. అది చూశాక అడ్వాన్సు వేస్తాను."

చివరి వాక్యం మళ్ళీ చదవండి. సరిచేసిన కాగితం వచ్చాకే పిన్ని డబ్బు వేస్తుంది. తప్పున్న కాగితం చూసి ఏమీ అనకుండా డబ్బు వేసేస్తే, దానికి ఒప్పుకున్నట్టే అవతలివాళ్ళు అనుకుంటారు. "మీరు చూశారు కదా, ఏమీ అనలేదే!" అంటారు. కాగితం మీద తప్పు చూసి ఊరుకుంటే, అది "సరే" అన్నట్టు లెక్క.

సరుకు వచ్చిన రోజున ఈ మెసేజ్ మళ్ళీ పనికొస్తుంది. తెచ్చిన అతను ఒక చీటీ మీద సంతకం పెట్టమంటాడు. సంతకానికి ముందు బస్తాలు, ప్యాకెట్లు లెక్కపెట్టి మెసేజ్‌తో సరిచూడండి. ఏదైనా తక్కువ వస్తే ఆ మాట చీటీ మీదే రాసి, అప్పుడు సంతకం పెట్టండి. తర్వాత బిల్లు వచ్చాక దాన్ని కూడా ఆ రెండింటితో పోల్చండి. ఆర్డరు, చీటీ, బిల్లు మూడూ ఒకే మాట చెప్పాలి.

ఇంత చేసినా కొట్లో బెల్లం అయిపోవచ్చు, బండి చెడిపోవచ్చు. ఖాయం చేసుకున్నంత మాత్రాన అవి ఆగవు. కానీ అప్పుడు "ఏం అనుకున్నాం?" అనే గొడవ ఉండదు, "ఇప్పుడేం చేద్దాం?" అనే మాటే ఉంటుంది.

మీరు చేయండి

1. ఈ ధరలను తెలుగులో పైకి చదవండి: 2.250, 0.750, 3.500.

2. "నెయ్యి డబ్బాలు 6, సోమవారం లోపు" అని అమ్మ ఆర్డరు ఇచ్చింది. ఇందులో ఖాయం కానివి ఏమిటి? అమ్మ తరఫున కొట్టు అతన్ని "అన్నా" అని పిలిచి, మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి.

3. చింతపండు కిలో 1.250. నాలుగు కిలోలకు కాగితం మీద 50.000 అని ఉంది. సరైన మొత్తం ఎంత? ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది?

4. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో ఆర్డరు ఇస్తుంటే పక్కన కూర్చుని వినండి. ఎన్ని, ఎంత, ఎప్పుడు, ఎలా అన్న నాలుగింటిలో ఏది చెప్పలేదో రాసుకోండి. ఫోన్ పెట్టేలోగా ఆ ఒక్కటీ వాళ్ళ చెవిలో చెప్పండి.